కాంట్రాక్టర్ వెతికితే దొరికేలా ఎలక్ట్రీషియన్ ప్రొఫైల్ రాసుకోవడం

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీకి కొత్త బ్లాక్ కడుతున్నారనుకోండి. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌కి వచ్చే సోమవారానికల్లా ఎల్‌టీ కేబుల్ టెర్మినేషన్ తెలిసిన నలుగురు కావాలి. ఆయన ముందు తెలిసిన ఫోర్‌మన్‌కి ఫోన్ చేస్తాడు. అక్కడ మనుషులు లేకపోతే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాడు. అదీ కాకపోతే ఆఫీసులో కూర్చున్న కుర్రాడు నౌకరీలోనో, అప్నాలోనో, లింక్డ్‌ఇన్‌లోనో నాలుగు మాటలు కొట్టి వెతుకుతాడు. ఆ నాలుగు మాటలు మీ ప్రొఫైల్‌లో లేకపోతే, పదేళ్ల పనితనం ఉన్నా మీ పేరు ఆ తెర మీదికి రాదు.

"ఎలక్ట్రీషియన్, అన్ని రకాల పనులు చేయబడును" అనే బోర్డు వీధిలో ఇళ్లవాళ్లకు పనికొస్తుంది. కాంట్రాక్టర్‌కి పనికిరాదు. ఆయన "ఎలక్ట్రీషియన్" అని ఊరికే వెతకడు, పని పేరుతో వెతుకుతాడు. ఇక్కడ చెప్పేదంతా ఫ్యాక్టరీ, పెద్ద బిల్డింగ్ పనుల్లో ఉన్నవాళ్ల కోసం. ఇళ్లలో ఫ్యాన్లు, గీజర్ల పనికి గూగుల్ మ్యాప్స్‌లో పెట్టుకునే ప్రొఫైల్ వేరే లెక్క.

ముందు తేల్చుకోవాల్సింది: మిమ్మల్ని వెతికేది ఎవరు?

బయటివాళ్లకి ఎలక్ట్రీషియన్ అంటే ఒకటే పని. లోపల ఉన్నవాళ్లకి కనీసం మూడు వేర్వేరు పనులు. ప్రాజెక్ట్ పనిలో కేబుల్ ట్రే కట్టడం, కేబుల్ లాగడం, గ్లాండింగ్, టెర్మినేషన్, ప్యానెల్ నిలబెట్టడం ఉంటాయి. మెయింటెనెన్స్ అంటే ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, మోటారు ట్రిప్ అయితే కారణం పట్టుకోవడం, బ్రేక్‌డౌన్ రిజిస్టర్ రాయడం. మూడోది ప్యానెల్ వైర్‌మన్ పని. జీడిమెట్ల, చర్లపల్లి వంటి చోట్ల ప్యానెల్ తయారుచేసే షాపుల్లో డ్రాయింగ్ చూసి లోపలి వైరింగ్ చేసేవాళ్లు వీళ్లు.

ప్రాజెక్ట్ మనిషిని కాంట్రాక్టర్ వెతుకుతాడు. మెయింటెనెన్స్ మనిషిని కంపెనీ హెచ్‌ఆర్ వెతుకుతారు. కాంట్రాక్టర్ అడిగేవి పర్మిట్ ఉందా, ఎప్పుడు దిగగలరు, రూమ్ కావాలా అని. హెచ్‌ఆర్ అడిగేవి ఐటీఐ ఏ సంవత్సరం, షిఫ్టులకు సరేనా, ఇప్పటి జీతం ఎంత, పీఎఫ్ ఉందా అని. రెండింటినీ ఒకే ప్రొఫైల్‌లో కలిపేస్తే కాంట్రాక్టర్‌కి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మనిషిలా, హెచ్‌ఆర్‌కి సైటు సైటుకీ తిరిగే మనిషిలా కనిపిస్తారు. మీకు రెండూ వచ్చినా సరే, గత మూడేళ్లలో ఎక్కువ రోజులు చేసింది ఏదో దాన్నే పైన పెట్టండి. రెండోదాన్ని కింద ఒక్క లైనులో చెప్పండి.

"వైర్‌మన్" అనే మాటతో కూడా జాగ్రత్త. ప్యానెల్ షాపులో పనిచేసే మనిషి ఉత్త "వైర్‌మన్" అని రాసుకుంటే ఇంటి వైరింగ్ ఫోన్లే వస్తాయి. "ప్యానెల్ వైర్‌మన్" అని రెండు మాటలూ పక్కపక్కన ఉండాలి.

పై లైను

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కి 220 అక్షరాల దాకా చోటుంటుంది. నౌకరీలో రెజ్యూమే హెడ్‌లైన్ అని విడిగా ఉంటుంది. వెతికేవాడు ముందు చదివేది ఈ ఒక్క లైనే. దీన్ని ఇంగ్లిషులోనే రాయండి, ఎందుకంటే వెతికేవాడు ఇంగ్లిషులోనే కొడతాడు.

ఒక మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. 2015లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేశాడు. తర్వాత అప్రెంటిస్‌షిప్, ఆపైన ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టర్ల దగ్గర ఫ్యాక్టరీ ప్రాజెక్టులు. సొంతూరు శ్రీకాకుళం వైపు, ఉండేది పటాన్‌చెరులో. అతని పాత హెడ్‌లైన్ ఇలా ఉంది:

```
Hard working electrician seeking good opportunity
```

ఇందులో వెతకడానికి పనికొచ్చే మాట ఒక్కటే ఉంది, అదీ వేలమందికి ఉన్న మాటే. మార్చాక:

```
Project Electrician | LT Panel, MCC, Cable Termination | ITI + NAC | Wireman Permit (Telangana) | 8 yrs | Patancheru, Hyderabad
```

ముందు పని పేరు, తర్వాత చేతికి బాగా అలవాటైన మూడు పనులు, ఆ తర్వాత చదువు, పర్మిట్, ఏళ్లు, ఉన్న చోటు. మూడు పనులు చాలు. పది పేర్లు రాస్తే దేనిలోనూ గట్టి పట్టు లేదని చదివేవాడు అనుకుంటాడు. పైగా ఫోన్ తెర మీద మొదటి అరవై డెబ్భై అక్షరాలే కనిపించి మిగతాది చుక్కలుగా మారొచ్చు, అందుకే ముఖ్యమైనవి ముందుండాలి.

చోటు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఖాతా తెరిచినప్పుడు సొంతూరు పేరు ఇచ్చి, తర్వాత హైదరాబాద్ వచ్చేసినా దాన్ని మార్చరు. వెతికేవాడు హైదరాబాద్ అని ఫిల్టర్ పెట్టగానే మీరు జాబితాలోంచి పోతారు. "ప్రస్తుత ప్రాంతం" అన్నచోట ఇవాళ నిద్రపోతున్న ఊరు రాయండి. వెళ్లడానికి సిద్ధంగా ఉన్న చోట్లు, అంటే జడ్చర్ల, పరవాడ, అచ్యుతాపురం, శ్రీసిటీ లాంటివి "ఇష్టమైన ప్రాంతాలు" అన్నచోట విడిగా పెట్టండి.

పర్మిట్ గురించి రాయడం

ఇది సర్టిఫికెట్ల జాబితాలో చివర దాచే విషయం కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఇన్‌స్టలేషన్ పనిని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి దాన్ని పర్యవేక్షించాలి, పనిచేసేవాళ్లకు పర్మిట్ ఉండాలి. కాంట్రాక్టర్ తన లైసెన్సు నిలబెట్టుకోవడానికి అర్హత ఉన్న మనుషులను చూపించాలి. కాబట్టి పర్మిట్ ఉన్న మనిషి ఆయనకు పని చేసిపెట్టే చేతులు మాత్రమే కాదు, కాగితాల్లోనూ అవసరమే.

అందుకే మూడు సంగతులు స్పష్టంగా రాయండి. అది వైర్‌మన్ పర్మిటా, సూపర్‌వైజర్ పర్మిటా. ఏ రాష్ట్రం ఇచ్చింది. ఏ నెల, ఏ సంవత్సరం వరకు చెల్లుతుంది. గడువు దాటిన పర్మిట్‌ను ఉన్నట్టు రాస్తే మొదటి ఫోన్‌లోనే బయటపడుతుంది. రెన్యువల్‌కి పెట్టి ఉంటే "రెన్యువల్‌కి దరఖాస్తు చేశాను" అని రాయడం నయం.

నాలుగో సంగతి చాలామందికి తోచదు. మీ పర్మిట్ ఇప్పటికే వేరే కాంట్రాక్టర్ లైసెన్సు కింద చూపించి ఉందా? సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్నవాళ్లని ఇది తప్పకుండా అడుగుతారు. పాత కాంట్రాక్టర్ మిమ్మల్ని తన జాబితాలోంచి తీయకపోతే కొత్తాయన మిమ్మల్ని చూపించుకోలేడు. ఖాళీగా ఉంటే ఆ మాట ప్రొఫైల్‌లోనే ఒక లైనుగా రాయండి. సూపర్‌వైజర్ల కోసం వెతికేవాడు ఫోన్ తీయడానికి ఆ ఒక్క లైనూ చాలు.

పర్మిట్ కార్డు ఫొటో మొత్తం బయట పెట్టొద్దు. నంబరులో చివరి నాలుగు అంకెలు రాసి, మిగతాది అడిగినప్పుడు చూపిస్తామనండి. ఆధార్, పీఎఫ్ యూఏఎన్ నంబర్లు ప్రొఫైల్‌లో ఎక్కడా ఉండకూడదు.

చేసిన పనులు

ప్రొఫైల్ బరువంతా ఇక్కడే ఉంటుంది. మన ఉదాహరణ మనిషి పాత రెజ్యూమేలో "2022 నుంచి 2023 వరకు పటాన్‌చెరులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను, అన్ని ఎలక్ట్రికల్ పనులు చూసుకున్నాను" అని ఉంది. దాన్ని చదివిన ఇంజినీరుకి ఏమీ తెలియదు. అదే పనిని ఇలా రాయొచ్చు:

```
Electrician, LT cabling and panel erection
Bulk drug plant expansion, Patancheru | Mar 2022 - Nov 2023
- 3.5C x 240 sq.mm Al armoured: laying, glanding, termination
- 2 MCC panels, 46 feeders: ferruling, continuity, IR test
- Crew of 6 under licensed supervisor
- Assisted: 11 kV termination (2 ends)
```

ఒక్కో లైను ఎందుకు ఉందో చూడండి. కేబుల్ సైజు రాయగానే హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ వాడిన చెయ్యి అని అర్థమవుతుంది, ఎందుకంటే 240 లగ్గును చేతి క్రింపింగ్ టూల్‌తో నొక్కలేరు. ఎంసీసీ ఫీడర్ల సంఖ్య పని ఎంత పెద్దదో చెబుతుంది. ఫెరూల్స్, కంటిన్యుటీ, ఇన్సులేషన్ టెస్ట్ అని ఉండటం వల్ల కేబుల్ లాగి వదిలేసే మనిషి కాదని, చార్జింగ్ దాకా ఉన్నాడని తెలుస్తుంది. కంపెనీ పేరు లేకపోయినా నష్టం లేదు. చాలా మందుల కంపెనీలు తమ పేరు బయట రాయడానికి ఒప్పుకోవు కాబట్టి ఫ్యాక్టరీ రకం, ఊరు, నెలలు చాలు.

చివరి లైనులో ఉన్న "అసిస్టెడ్" అన్న మాట చూడండి. మీరు సొంతంగా చేసింది, సాయం పట్టింది, పర్యవేక్షించింది మూడూ వేర్వేరుగా రాయాలి. 11 కేవీ టెర్మినేషన్‌కి కిట్ అందించి, హీట్ గన్ పట్టుకున్నవాళ్లు "11 కేవీ జాయింటింగ్ తెలుసు" అని రాసేస్తారు. ఫోన్‌లో అవతలి ఇంజినీరు, సెమీకండక్టింగ్ పొర ఎంత దూరం వదిలి కోస్తారు, స్ట్రెస్ కంట్రోల్ ట్యూబ్ ఎక్కడ కూర్చోవాలి అని అడుగుతాడు. "కిట్‌లో ఇచ్చిన కొలతల కాగితం చూసి చేస్తాం" అన్నా సరైన జవాబే, నీళ్లు నమిలితే మాత్రం మిగతా ప్రొఫైల్ మీద కూడా నమ్మకం పోతుంది. నిజం రాసినవాడికి ఉపయోగం ఇంకోటి కూడా ఉంది. రెండు ఎండ్లకు సాయం పట్టాడని చదివిన జాయింటర్, హెల్పర్ కావాల్సినప్పుడు ఇతన్నే పిలుస్తాడు.

ఎల్‌టీ పనికీ ఇలాంటి ప్రశ్నలుంటాయి. ఐఆర్ టెస్ట్ చేశానని రాస్తే, వీఎఫ్‌డీ ఉన్న ఫీడర్‌లో మెగ్గర్ ఎలా పెడతావని అడుగుతారు. డ్రైవ్‌ని రెండు వైపులా విప్పి కేబుల్‌ని, మోటారుని విడిగా చూడాలి. లేకపోతే మెగ్గర్ వోల్టేజీకి డ్రైవ్‌లోని ఎలక్ట్రానిక్ భాగాలు పోతాయి. అల్యూమినియం కేబుల్‌ని రాగి బస్‌బార్ మీదికి ఎక్కించానంటే లగ్గు ఏది వాడావని అడుగుతారు, జవాబు బైమెటాలిక్ లగ్గు. రాసిన ప్రతి లైనుకీ ఇలాంటి ఒక ప్రశ్న మీరే వేసుకోండి. జవాబు తడుముకునే లైనుని తీసేయండి.

గత నాలుగు పనులు ఇంత వివరంగా రాస్తే చాలు. అంతకు ముందువి ఒక్కో లైను. తేదీల మధ్య ఖాళీ ఉంటే దాచకండి, ఊళ్లో వ్యవసాయం చూసుకున్నా అదే రాయండి. ప్రాజెక్ట్ పనిలో ఖాళీలు ఉంటాయని కాంట్రాక్టర్‌కి తెలుసు. తేదీలు సాగదీసి రాస్తే పీఎఫ్ పాస్‌బుక్ పక్కన పెట్టినప్పుడు దొరికిపోతారు.

ఆ పాస్‌బుక్ మీకు మేలు కూడా చేస్తుంది. చిన్న కాంట్రాక్టర్లు చాలామంది ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వరు, అడిగితే రేపు మాపు అంటారు. పీఎఫ్ కట్టి ఉంటే ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎవరి దగ్గర ఉన్నారో అందులో ఉంటుంది. అదీ లేకపోతే సైట్ గేట్ పాస్, సేఫ్టీ ఇండక్షన్ కార్డు ఫొటో తీసి దాచుకోండి. పని అయిపోయి పాస్ తిరిగి ఇచ్చేముందే తీసుకోవాలి.

ఫొటోలు: ఐదారు చాలు

మీ పనిని ఇంజినీరు ఎలా చూస్తాడో ఆ కంటితో ఫొటోలు ఎంచుకోండి. ప్యానెల్ కేబుల్ గదిని దగ్గర నుంచి తీసిన ఒక్క ఫొటోలో ఆయన చాలా చూస్తాడు. గ్లాండ్ ప్లేట్ మీద గ్లాండ్లు వరసగా, బిగుతుగా ఉన్నాయా, ఆర్మర్ సరిగ్గా పట్టుకుందా, ఫెరూల్ నంబర్లన్నీ ఒకే వైపు చదివేలా తిరిగి ఉన్నాయా, లగ్గుకీ ఇన్సులేషన్‌కీ మధ్య వైరు బయటికి కనిపిస్తోందా, లగ్గులో పట్టించడానికి పోగులు కత్తిరించారా, కేబుల్ ట్యాగ్ ఉందా. ఇవన్నీ బాగుంటే మీ గురించి మీరు రాసుకున్న పొగడ్తలు ఆయనకు అక్కర్లేదు. ఒక ఫొటో అలా దగ్గరగా, ఒకటి ట్రే మీద కేబుల్ డ్రెస్సింగ్ దూరంగా కనిపించేలా, ఒకటి పని మొదలుకాకముందు, ఒకటి తర్వాత ఉంటే బాగుంటుంది.

పెట్టకూడనివీ ఉన్నాయి. చార్జింగ్‌లో ఉన్న ప్యానెల్ తలుపు తెరిచి పక్కన చెప్పులతో నిలబడిన ఫొటో, హార్నెస్ లేకుండా ఎత్తులో ఉన్న ఫొటో కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ కంట పడితే మిమ్మల్ని తీసుకున్న కాంట్రాక్టర్‌కే మాట పడుతుంది. కెమెరా నిషేధం ఉన్న ప్లాంటులో దొంగచాటుగా తీసినవి పెట్టొద్దు. సైట్ ఇంచార్జిని అడిగి తీసినవైనా, కంపెనీ పేరు, డ్రాయింగ్ నంబర్లు, మిగతావాళ్ల ముఖాలు కనబడకుండా కత్తిరించండి. వేరేవాళ్ల ఫొటోలు గ్రూపుల్లోంచి తీసి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అదే ఫొటో నలుగురి ప్రొఫైళ్లలో కనిపించాక నలుగురూ పోతారు.

ఫైలు, ఫోను

కాంట్రాక్టర్ల మధ్య ప్రొఫైళ్లు ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లోనే. అందుకే వెబ్‌సైట్లలో రాసిందే ఒకటి రెండు పేజీల పీడీఎఫ్‌గా కూడా ఉంచుకోండి. జిరాక్స్ షాపులో కాగితం ఫొటో తీసి చేసిన పీడీఎఫ్ వద్దు. అది బొమ్మ మాత్రమే, దాన్ని సైట్లో ఎక్కించినా అందులోని మాటలు వెతుకులాటకు అందకపోవచ్చు. టైపు చేసిన ఫైలునే పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. సరిచూసుకోవడం తేలిక: ఫైలు తెరిచి ఒక మాట మీద వేలు నొక్కి పట్టుకోండి, ఆ మాట సెలెక్ట్ అయితే సరే.

ఫైలు పేరు `resume final new.pdf` అని ఉంటే ఫార్వర్డ్ అయిన రెండో రోజుకి ఎవరిదో తెలియదు. ఇలా పెట్టండి:

```
ProjectElectrician_LT-Panel_8yrs_Patancheru.pdf
```

మంచి ప్రొఫైల్ వృథా అయ్యే కారణాల్లో పెద్దది ఫోన్ నంబరు. ఆఫర్ కోసం సిమ్ మార్చేస్తారు, పాత నంబరు పది చోట్ల ఉండిపోతుంది. పనికి ఒక నంబరు నిలకడగా పెట్టుకుని దాన్ని రీచార్జ్ లేకుండా పోనివ్వకండి. మందుల ప్లాంట్లలో చాలా చోట్ల ఫోను గేటు దగ్గరే పెట్టించుకుంటారు. పగలు మూడుసార్లు ఫోన్ ఎత్తకపోతే కాంట్రాక్టర్ కింద ఉన్న పేరుకి వెళ్లిపోతాడు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో "అవే మెసేజ్" అనే సదుపాయం ఉంది. "సైట్‌లో ఉన్నాను, ఫోన్ అనుమతి లేదు, సాయంత్రం 6.30 తర్వాత నేనే చేస్తాను" అని పెట్టుకోండి. అయితే అది మెసేజ్‌లకే పనిచేస్తుంది, కాల్స్‌కి కాదు. అందుకే ప్రొఫైల్‌లో నంబరు పక్కనే "6.30 తర్వాత కాల్, పగలు వాట్సాప్" అని రాయండి.

ఈ నంబరుకే మోసగాళ్ల ఫోన్లూ వస్తాయి. గేట్ పాస్ డిపాజిట్ అనో, రిజిస్ట్రేషన్ అనో ముందే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. గల్ఫ్ పని అంటే ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లోని రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూశాకే పాస్‌పోర్టు కాపీ పంపండి.

తాజాగా ఉంచడం, పరీక్షించుకోవడం

నౌకరీలో వెతికేవాళ్లకు ఇటీవల ఎవరు యాక్టివ్‌గా ఉన్నారో వడపోసుకునే వీలుంది. ఆరు నెలలుగా లాగిన్ కాని మనిషి, ఎంత బాగా రాసుకున్నా, ఆ వడపోతలో మిగలడు. నెలకు రెండుసార్లు లాగిన్ అయి ఏదో ఒక లైను నిజంగా మార్చండి. మార్చడానికి అన్నిటికంటే పనికొచ్చే లైను ఖాళీ అయ్యే తేదీ. ఇప్పుడున్న పని జూన్ మొదటి వారంలో అయిపోతుందనుకుంటే, మే మొదట్లోనే ఇలా పెట్టండి:

```
Available from 10 June | Can mobilise in 3 days | Own hand tools | Accommodation needed outside Hyderabad
```

పని అయిపోయి ఇంటికొచ్చాక పెడితే ఒక నెల ఖాళీ. మనుషులను వెతికేవాళ్లు రెండు మూడు వారాల ముందు నుంచే వెతుకుతారు. తేదీ దాటిపోయాక ఆ లైను అలాగే ఉండిపోతే, ప్రొఫైల్ పాతదనుకుని వదిలేస్తారు.

చివరగా, మీరే కాంట్రాక్టర్‌లా వెతికి చూడండి. మీ ఖాతాలోంచి కాదు, దగ్గరివాళ్ల లింక్డ్‌ఇన్ ఖాతాలోంచి `cable termination electrician Patancheru` అని కొట్టండి. మీరు కనబడకపోతే, పైన వచ్చిన నాలుగైదు ప్రొఫైళ్లు తెరిచి మీరు చేసే పనినే వాళ్లు ఏ మాటతో రాశారో చూడండి. మీరు "కేబుల్ కనెక్షన్" అని రాసి ఉంటారు, వాళ్లు "టెర్మినేషన్" అని రాసి ఉంటారు. మీది మార్చి, నాలుగు రోజులాగి మళ్లీ వెతకండి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "నా నంబరు ఎక్కడ దొరికింది సార్?" అని అడిగి ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలయ్యాక ఫోన్లన్నీ ఆ పీడీఎఫ్ వల్లే వస్తున్నాయని తేలితే, కొత్త పని పూర్తయిన ప్రతిసారీ ముందు దాన్నే సరిచేసి పాత ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు పంపండి, వెబ్‌సైట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.